ఎర–వేటగాడు మోడల్: నా బొమ్మలో వలయం ఎందుకు మూసుకోవడం లేదు?

శ్రావణి_ఎంఎస్సీ · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎంఎస్సీ మ్యాథ్స్ చదువుతున్నాను. ఎర–వేటగాడు మోడల్ మీద అసైన్‌మెంట్ బుధవారం ఇవ్వాలి. ఒక చోట ఆగిపోయాను, రెండు రోజులుగా అదే టెన్షన్.

సమీకరణాలు ఇవి:

x' = 0.8x − 0.02xy
y' = −0.6y + 0.006xy

x చిన్న చేపలు, y వాటిని తినే పెద్ద చేపలు. కాలం సంవత్సరాల్లో. రెండూ సున్నా చేస్తే (0, 0), (100, 40) అని రెండు సమతాస్థితులు వచ్చాయి. ఇంతవరకూ బాగానే ఉంది. రెండో దాని చుట్టూ దారులన్నీ మూసుకున్న వలయాలని నోట్సులో ఉంది. కానీ నేను కంప్యూటర్లో గీస్తే వలయం మూసుకోవడం లేదు. ఒక్కో చుట్టుకీ ముందు చుట్టు కంటే బయటికి జరుగుతోంది. నా కోడ్:

```python
x, y, h = 150.0, 40.0, 0.1
for i in range(500):
    dx = x*(0.8 - 0.02*y)
    dy = y*(-0.6 + 0.006*x)
    x, y = x + h*dx, y + h*dy
```

ఈ బొమ్మని నమ్మితే (100, 40) అస్థిరం అని రాయాలి. నోట్సుని నమ్మితే కాదు. దేన్ని నమ్మాలి?

---

కిరణ్_కె · సోమవారం రాత్రి 10:05

నోట్సే కరెక్ట్. జాకోబియన్ వేసి చూడు, ఒక్క నిమిషం పని. (100, 40) దగ్గర మాత్రిక పై వరస 0, −2. కింది వరస 0.24, 0. అంటే λ² = −0.48. ఐగెన్ విలువలు ±0.693i, వాస్తవ భాగం సున్నా. కాబట్టి అది సెంటర్, కాబట్టి వలయాలు మూసుకుంటాయి. అక్కడితో రుజువు అయిపోయింది. కోడ్‌లో ఎక్కడో టైపింగ్ తప్పు ఉండి ఉంటుంది, చూసుకో.

(0, 0) దగ్గర 0.8, −0.6 వస్తాయి, అది శాడిల్. అది కూడా రాయి, మార్కులు ఉంటాయి.

---

శ్రావణి_ఎంఎస్సీ · సోమవారం రాత్రి 10:20

థ్యాంక్స్ కిరణ్. కోడ్ ప్రతి లైనూ మళ్లీ చూశాను, సమీకరణాలు సరిగ్గానే ఎక్కించాను. టైపింగ్ తప్పు లేదు.

---

లెక్కల_మాస్టారు · మంగళవారం ఉదయం 6:10

శ్రావణీ, నీ కోడ్‌లో టైపింగ్ తప్పు లేదమ్మా. నీ సమతాస్థితులూ సరైనవే. కిరణ్ చెప్పిన జవాబు కూడా సరైనదే, కానీ దానికి ఆయన చూపించిన కారణం సరిపోదు. ఒక్కొక్కటిగా చెప్తాను.

ముందు కాగితం మీద రెండు గీతలు గీయి. y = 40 దగ్గర అడ్డగీత, x = 100 దగ్గర నిలువుగీత. అడ్డగీత మీద x' సున్నా, అంటే చిన్న చేపలు ఆ క్షణం పెరగవు, తగ్గవు. నిలువుగీత మీద పెద్ద చేపలు ఆగుతాయి. రెండు గీతలూ కలిసే చోటే నీ సమతాస్థితి. ఈ గీతలు కాగితాన్ని నాలుగు గదులు చేశాయి కదా. కుడి కింద గదిలో తిండి ఎక్కువ, తినేవి తక్కువ, కాబట్టి రెండూ పెరుగుతాయి. కుడి పైన చిన్నవి తగ్గుతూ పెద్దవి ఇంకా పెరుగుతూ ఉంటాయి. ఎడమ పైన తినేవాటికి తిండి లేదు, తినబడేవాటికి నిలువ నీడ లేదు, రెండూ పడిపోతాయి. ఎడమ కింద పెద్దవి ఇంకా తగ్గుతుంటే చిన్నవి మళ్లీ పుంజుకుంటాయి. ఈ నాలుగూ వరసగా చూస్తే దారి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది.

ఇందులోంచి బొమ్మ చదవడానికి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. దారి ఎప్పుడూ అడ్డగీతని నిలువుగా దాటాలి, నిలువుగీతని అడ్డంగా దాటాలి. అంటే చిన్న చేపలు బాగా ఎక్కువగా ఉండే క్షణంలో పెద్ద చేపలు సరిగ్గా 40 ఉంటాయి. ఎవరైనా గీసిన వలయంలో కుడి కొస ఆ గీత మీద లేకపోతే ఆ బొమ్మ తప్పు.

కానీ ఈ గదులు చెప్పేది దారి తిరుగుతుందని మాత్రమే. తిరిగి మొదలైన చోటికే వస్తుందా, లోపలికి చుట్టుకుంటుందా, బయటికి పోతుందా అన్నది ఇవి చెప్పలేవు.

కిరణ్ బాబూ, జాకోబియన్ కూడా ఆ మాట చెప్పలేదు. వాస్తవ భాగం సున్నా వచ్చిన చోట అది చేతులెత్తేస్తుంది. ఈ సిస్టమ్ చూడు:

x' = −y + x(x² + y²)
y' = x + y(x² + y²)

మూలబిందువు దగ్గర ఐగెన్ విలువలు ±i. అచ్చం సెంటర్‌లాగే కనిపిస్తుంది. కానీ దూరం r కి సమీకరణం r' = r³ వస్తుంది. అన్ని దారులూ బయటికే పోతాయి. అక్కడ నీ రుజువు వాడితే తప్పు జవాబు వచ్చేది.

మన మోడల్‌లో మూసుకుంటాయనడానికి అసలు కారణం, దారి పొడుగునా మారని రాశి ఒకటి ఉండటం. y' ని x' తో భాగిస్తే t పోతుంది. x లన్నీ ఒక వైపు, y లన్నీ ఒక వైపు వేరుపడతాయి. ఇంటిగ్రేట్ చేసి సమతాస్థితి దగ్గర విలువ సున్నా అయ్యేలా సర్దితే ఇది వస్తుంది:

W = 0.6(u − 1 − ln u) + 0.8(v − 1 − ln v)
u = x/100, v = y/40

u − 1 − ln u అన్నది u = 1 దగ్గర సున్నా, అటు పోయినా ఇటు పోయినా పెరుగుతుంది. u సున్నాకి దగ్గరైనా, అనంతానికి పోయినా హద్దు లేకుండా పెరుగుతుంది. అంటే W ఒక గిన్నె. అడుగు (100, 40) దగ్గర. ఆ గిన్నెలో కొంత ఎత్తుకి నీళ్లు పోస్తే అంచు చుట్టూ నీటి గీత ఏర్పడుతుంది కదా, ఒక్కో దారీ అలాంటి ఒక గీత. గిన్నెకి ఎక్కడా చిల్లు లేదు కాబట్టి గీత మూసుకు తీరాలి. ఆ గీత మీద మరో సమతాస్థితి లేదు కాబట్టి దారి మధ్యలో ఆగిపోదు.

ఇప్పుడు శ్రావణీ, నీ కోడ్‌లో మొదటి రెండు అడుగులు h = 0.5 తో చేత్తో వేసి, ప్రతి అడుగుకీ W ఎంతో చెప్పు. తప్పు ఎక్కడుందో నీకే కనిపిస్తుంది.

---

శ్రావణి_ఎంఎస్సీ · మంగళవారం ఉదయం 8:30

వేశాను మాస్టారూ.

మొదట (150, 40). ఇక్కడ x' = 0, y' = 12. W = 0.0567.
ఒక అడుగు తర్వాత (150, 46). W = 0.0649.
ఇంకో అడుగు: x' = −18, y' = 13.8. కాబట్టి (141, 52.9). W = 0.0742.

మారకూడని W రెండు అడుగుల్లోనే పెరిగిపోయింది! అంటే నా దారి గిన్నె గోడ ఎక్కుతోంది. మొదటి అడుగు దగ్గరే అర్థమైంది. అసలు దారి (150, 40) నుంచి పైకి బయలుదేరి వెంటనే ఎడమకి వంగాలి. నేను వంపు పట్టించుకోకుండా అర సంవత్సరం నిటారుగా పైకి వెళ్లిపోయాను. ప్రతి అడుగులోనూ అదే జరుగుతోంది, వంపు దగ్గర నేరుగా పోయి బయట పడుతున్నాను.

---

వంశీ_డల్లాస్ · మంగళవారం ఉదయం 9:15

సరిగ్గా పట్టుకున్నారు శ్రావణి గారు. నేను సిమ్యులేషన్లు రాసే ఉద్యోగంలో ఉన్నాను, ఇది రోజూ ఎదురయ్యే సంగతే. మీరు వాడింది ఆయిలర్ పద్ధతి. ఇలా గుండ్రంగా తిరిగే సిస్టమ్ మీద అది ఎప్పుడూ బయటికే తోస్తుంది.

ఎంత తోస్తుందో కూడా లెక్క కట్టవచ్చు. సమతాస్థితికి దగ్గరగా ఉన్న చిన్న వలయానికి ఒక చుట్టు సుమారు 9.07 సంవత్సరాలు, 2π ని 0.693 తో భాగిస్తే వస్తుంది. h = 0.1 తో ఒక చుట్టు తిరిగేసరికి వలయం దాదాపు 24 శాతం పెద్దదవుతుంది. h = 0.01 అయితే 2 శాతం. తప్పు సిస్టమ్‌దా, పద్ధతిదా అని తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఇదే: h ని సగం చేస్తాను. బయటికి జరగడం కూడా దాదాపు సగమైతే అది పద్ధతి తెచ్చిపెట్టిన తప్పు. h ఎంత తగ్గించినా జరుగుడు ఒక విలువ దగ్గర నిలబడితే అప్పుడు సమీకరణాల్లోనే ఆ గుణం ఉంది.

ఒక చిన్న మార్పు చేసి చూడండి. ముందు x ని మార్చేసి, y కి ఆ కొత్త x వాడండి:

```python
x, y, h = 150.0, 40.0, 0.1
for i in range(500):
    x = x + h*x*(0.8 - 0.02*y)
    y = y + h*y*(-0.6 + 0.006*x)
```

పని పెరగలేదు, నిజానికి ఒక లైను తగ్గింది. ln x, ln y అక్షాల మీద చూస్తే ఇందులోని ప్రతి అడుగూ పేకముక్కల కట్టని పక్కకి జరిపినట్టు ఉంటుంది, వైశాల్యం మారదు. అందుకే దారి బయటికి జారిపోకుండా అక్కడక్కడే తిరుగుతుంది. W కొద్దిగా పైకీ కిందకీ ఊగుతుంది కానీ పెరుగుతూ పోదు. వలయం అసలు దానికంటే కాస్త ఒరిగి కనిపిస్తుంది, అది h తో తగ్గిపోతుంది.

---

గోదారి_రైతు · మంగళవారం మధ్యాహ్నం 1:50

నేను డిగ్రీ బీఎస్సీ చేసి వ్యవసాయంలోకి వచ్చినవాణ్ణి, పశ్చిమ గోదావరి. లెక్కలు సగమే అర్థమయ్యాయి కానీ ఇది మా పొలంలో గొడవే అనిపించి రాస్తున్నాను. x అంటే సుడిదోమ, y అంటే దాన్ని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు అనుకుంటే, వదిలేస్తే కొన్నాళ్లకి దోమ 100 దగ్గర, సాలీళ్లు 40 దగ్గర వచ్చి ఆగుతాయన్నమాట. అప్పుడు మందు కొట్టక్కర్లేదు కదా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఒక దాళ్వాలో దోమ కొంచెం కనిపించగానే భయపడి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు కొట్టాను. వారం బాగుంది. ఆ తర్వాత మొదళ్ల దగ్గర చెయ్యి పెడితే అరచేయి నిండా దోమ. పైరు సుడులు సుడులుగా ఎండిపోయింది. పక్క చేను ఆయన మందు కొట్టలేదు, ఆయనకి నా అంత నష్టం రాలేదు. మందు కొడితే దోమ పెరగడం ఏమిటో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

---

హారిక_ఎకాలజీ · మంగళవారం సాయంత్రం 6:20

అన్నా, ముందు మీ మొదటి మాట గురించి. ఈ మోడల్‌లో అవి వచ్చి 100, 40 దగ్గర ఆగవు. మొదట్లోనే సరిగ్గా అక్కడ ఉంటే తప్ప ఎప్పటికీ చుట్టూ తిరుగుతూనే ఉంటాయి, దగ్గరికి కూడా రావు. మొదట ఎంత దూరంలో ఉంటే అంత పెద్ద వలయం. కాబట్టి "వదిలేస్తే సర్దుకుంటుంది" అని ఈ మోడల్ చెప్పడం లేదు.

కానీ మీ రెండో ప్రశ్న ఈ మోడల్ పుట్టుకకే దగ్గరగా ఉంది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట బాగా తగ్గింది. ఉంబెర్టో డాంకోనా అనే ఇటలీ జీవశాస్త్రవేత్త ఆ తీరంలోని మార్కెట్ల లెక్కలు తిరగేశాడు. ఫ్యూమే రేవులో, ఇప్పుడు దాన్ని రియెకా అంటున్నారు, అమ్ముడైన చేపల్లో సొర, టేకు లాంటి వేటాడే చేపల వాటా 1914లో 11.9 శాతం. 1918కి అది 36.4 శాతం. 1923కి మళ్లీ 10.7. వేట తగ్గితే అన్ని చేపలూ పెరగాలి కదా, తినే చేపల వాటా ఎందుకు పెరిగింది? ఆయన ఈ ప్రశ్న తన మామగారు వీటో వోల్టెర్రా ముందు పెట్టాడు. ఆయన గణితవేత్త. 1926లో ఆయన ఇచ్చిన జవాబే ఈ సమీకరణాలు. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లోట్కా అంతకు ముందే వేరే దారిలో ఇవే సమీకరణాలకి వచ్చాడు.

జవాబు ఇలా ఉంటుంది. శ్రావణి మొదటి సమీకరణాన్ని x తో భాగించి ఒక పూర్తి చుట్టు మీద ఇంటిగ్రేట్ చేయండి. ఎడమ వైపు ln x లో మార్పు. చుట్టు పూర్తయ్యాక x మొదటికే వచ్చింది కాబట్టి అది సున్నా. మిగిలేది, 0.8 − 0.02 × y సగటు = 0. అంటే వలయం చిన్నదైనా పెద్దదైనా y సగటు 40 మాత్రమే. అలాగే x సగటు 100. మధ్యలో కూర్చున్న సమతాస్థితి బిందువుని ఏ దారీ తాకదు, కానీ అన్ని దారుల సగటూ అదే.

ఇప్పుడు వల వేసి రెండు రకాల చేపల్నీ ఏడాదికి 0.2 రేటున తీసేస్తున్నాం అనుకోండి. చిన్నవాటి పెరుగుదల 0.8 నుంచి 0.6 కి దిగుతుంది. పెద్దవాటి మరణం 0.6 నుంచి 0.8 కి ఎక్కుతుంది. కొత్త సగటులు: y = 0.6/0.02 = 30. x = 0.8/0.006 = దాదాపు 133. రెండింటినీ సమానంగా చంపుతున్నా ఎర సగటు 100 నుంచి 133 కి పెరిగింది, తినేవి 40 నుంచి 30 కి పడ్డాయి. యుద్ధంలో దీనికి ఎదురు జరిగింది, వల తగ్గింది, సొరచేపలు పెరిగాయి.

మీ మందు ఆ వల లాంటిదే అన్నా. దోమతో పాటు సాలీళ్లనీ, మిరిడ్ నల్లుల్నీ చంపింది. పైరిథ్రాయిడ్ మందుల తర్వాత సుడిదోమ తిరిగి విజృంభించడం వరి మీద పనిచేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే.

---

గోదారి_రైతు · మంగళవారం రాత్రి 8:05

ఇన్నేళ్లకి కారణం ఎవరో చెప్పారు. థ్యాంక్స్ అమ్మా. ఇప్పుడు నాట్లప్పుడే రెండు మీటర్లకోసారి 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీస్తున్నాను, దోమ లెక్కపెట్టాకే మందు సంగతి చూస్తున్నాను. కానీ ఒక అనుమానం. దోమ ఒక తరానికి నెల రోజుల దాకా పడుతుంది. పంట నాలుగు నెలల్లో కోసేస్తాం. మీరు చెప్పే చుట్టు పూర్తయ్యేసరికి పొలంలో పైరే ఉండదు కదా. మరి సగటు ఎక్కడిది?

---

హారిక_ఎకాలజీ · మంగళవారం రాత్రి 9:30

చాలా మంచి ప్రశ్న. నిజమే, సగటు లెక్క పూర్తి చుట్లకే చెల్లుతుంది. మీ పొలం చుట్టులో ఒక ముక్క మాత్రమే చూస్తుంది, కోతతో ఆట మళ్లీ మొదటికి వస్తుంది. మందు కొట్టిన వెంటనే మీరు ఎడమ కింద గదిలోకి పడ్డారు. అక్కడ తినేవి తక్కువ, దోమ పెరగడానికి అడ్డు లేదు. పైగా మందు తగలని గుడ్లు మొక్కలోనే ఉండిపోతాయి. మీకు వారం బాగున్నట్టు అనిపించడం, ఆ తర్వాత విజృంభించడం ఈ గదుల బొమ్మలోనే కనిపిస్తాయి, దానికి సగటు సూత్రం అక్కర్లేదు. మీ కేసుకి దాన్ని వాడి ఉండకూడదు, గదులతోనే చెప్పాల్సింది.

---

కిరణ్_కె · మంగళవారం రాత్రి 10:10

మాస్టారు ఇచ్చిన r' = r³ ఉదాహరణ వేసి చూశాను. ఒప్పుకుంటున్నాను, నా రుజువు చాలదు.

కానీ ఇంకో సందేహం వచ్చింది. చిన్న చేపలకి కూడా మేత, చోటు పరిమితమే కదా. అందుకని మొదటి సమీకరణంలో −0.001x² చేర్చాను. సమతాస్థితి (100, 35) కి జరిగింది. λ² + 0.1λ + 0.42 = 0, వాస్తవ భాగం −0.05. ఈసారి వాస్తవ భాగం సున్నా కాదు కాబట్టి జాకోబియన్‌ని నమ్మవచ్చు, దారులు లోపలికి చుట్టుకుంటున్నాయి. వలయాలన్నీ పోయాయి! ఎర ఒంటరిగా ఉంటే 800 దాకా పెరగగలదు, అంటే నేను చేర్చిన అడ్డు చాలా మెల్లనిది. అంత చిన్న మార్పుకే మాయమయ్యే వలయాల మీద ఇంత చర్చ ఎందుకు?

---

లెక్కల_మాస్టారు · బుధవారం ఉదయం 5:50

ఇది గట్టి ప్రశ్న. గిన్నెకి సన్నని వాలు పెట్టావు, నీటి గీత మీద నిలబడాల్సిన గోళీ అడుగుకి జారిపోయింది. మూసుకున్న వలయాల కుటుంబం అంత సున్నితమైనది. అందుకే ప్రకృతిలో ఏళ్ల తరబడి ఊగిసలాట కనిపిస్తే, అది ఈ మోడల్ వలయమే అని నేను చెప్పను. ఈ మోడల్‌లో ఊపు ఎంతన్నది మొదట ఎక్కడ ఉన్నామన్న దాని మీదే ఆధారపడుతుంది. ఒక చలికాలం గట్టిగా పడితే దారి పక్క వలయం మీదికి గెంతి ఇక అక్కడే ఉండిపోతుంది, పాత దానికి తిరిగి రాదు.

అయినా మీ రెండు మోడళ్లలోనూ మారనివి చూడు. తిరిగే దిక్కు అదే. చిన్నవి ముందు శిఖరానికి చేరడం, పెద్దవి వెనక రావడం అదే. ఒక చుట్టు కాలం కూడా దగ్గరే, శ్రావణిది 9.07, నీది సుమారు 9.7 సంవత్సరాలు. బొమ్మ చదివేటప్పుడు వీటి మీద బరువు వేయి, మూసుకోవడం మీద వేయకు.

శ్రావణీ, నీ అసైన్‌మెంట్‌కి ఇంకో మాట. (150, 40) నుంచి బయలుదేరిన వలయం ఎడమ కొస ఎక్కడో లెక్క కట్టు. v = 1 పెట్టి, W = 0.0567 అయ్యే రెండో u కనుక్కోవాలి.

---

శ్రావణి_ఎంఎస్సీ · బుధవారం ఉదయం 7:15

u = 0.626 వచ్చింది మాస్టారూ, అంటే x దాదాపు 62.6. అదే పద్ధతిలో y కి 26.8, 57.0 వచ్చాయి. వంశీ గారి కోడ్‌లో h = 0.01 పెట్టి, అడుగులు 500 నుంచి 5000 కి పెంచితే బొమ్మ కూడా అక్కడిదాకానే వెళ్తోంది.

కానీ కుడి వైపు 50 దూరం పోయింది, ఎడమ వైపు 37.4 మాత్రమే. సగటు 100 ఎలా వస్తుంది?

---

లెక్కల_మాస్టారు · బుధవారం ఉదయం 7:40

ఫేజ్ ప్లేన్‌లో కాలం కనిపించదు కదా. వలయం మీద సమాన కాలానికి ఒక్కో చుక్క పెట్టు. కుడి పైన చుక్కలు ఎడంగా పడతాయి, ఎడమ కింద ఒత్తుగా పడతాయి. చేపలు తక్కువగా ఉన్న రోజులు ఎక్కువ కాలం సాగుతాయి, ఎక్కువగా ఉన్న రోజులు గబగబా గడిచిపోతాయి. పెద్ద వలయాల్లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది, దారి అక్షాలకి అంటుకుని పాకుతున్నట్టు ఉంటుంది. గీత ఆకారం చూసి సగటు ఊహించవద్దు, చుక్కలు చూడు.

---

శ్రావణి_ఎంఎస్సీ · బుధవారం ఉదయం 8:20

చుక్కల బొమ్మే అసైన్‌మెంట్‌లో పెట్టాను, W పట్టిక కూడా. ఇప్పుడే ఇచ్చి వస్తాను.

ఒక చివరి ప్రశ్న. కెనడా కుందేళ్లు, లింక్స్ పిల్లుల లెక్కలు ఇదే మోడల్‌కి ఉదాహరణ అంటారు కదా. అందులో దిక్కు సరిపోతుందా?

---

హారిక_ఎకాలజీ · బుధవారం ఉదయం 10:45

కొన్ని చుట్లలో సరిపోతుంది, కొన్నిటిలో సరిపోదు! 1973లో మైకేల్ గిల్పిన్ ఆ లెక్కల్ని ఫేజ్ ప్లేన్ మీద వేస్తే కొన్ని చుట్లు గడియారం ముల్లు దిక్కునే తిరిగాయి. ఆ బొమ్మని అలాగే చదివితే కుందేళ్లే లింక్స్‌ని తింటున్నాయని అర్థం వస్తుంది.

అవి అడవిలో జంతువుల్ని లెక్కపెట్టి రాసినవి కావు. వేటగాళ్లు హడ్సన్స్ బే కంపెనీకి అమ్మిన తోళ్ల లెక్కలు. ఏ ఏడాది ఎన్ని బోనులు పెట్టారు, ఏ ప్రాంతం తోళ్లు ఏ ఏడాది లెక్కలో కలిశాయి అన్నది అందులో కలిసిపోయింది. కానీ తప్పంతా లెక్కలదేనా అంటే నేను ఒప్పుకోను. కుందేళ్ల చక్రం వాటి మేత మీద కూడా ఆధారపడుతుంది, లింక్స్ ఒక్కటే వాటిని తినదు. ఈ రెండు అక్షాల కాగితం మీద పట్టని మూడో చరరాశి ఉంటే, దాని నీడ ఇక్కడ వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించవచ్చు.

---

వంశీ_డల్లాస్ · బుధవారం రాత్రి 9:00

మూడో చరరాశి వాదన నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు హారిక గారు. లింక్స్ లెక్కని ఒక ఏడాది వెనక్కో ముందుకో జరిపితే దిక్కు మారుతుందేమో ముందు చూడాలి. శిఖరాల మధ్య దూరమే ఒకటి రెండేళ్లు ఉన్నప్పుడు, నమోదులో ఒక్క ఏడాది ఆలస్యం చాలు బొమ్మ తిరగబడటానికి. వారాంతంలో వేసి ఇక్కడ పెడతాను.